టెండర్ పిలుపుకి జవాబు లెటర్: గడువు, జత చేసిన కాగితాలు, బిడ్ చెల్లే రోజులు ఎలా రాయాలి

పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, బరంపురం వైపు సర్కారు ఆఫీసులకి సామాన్లు సప్లయి చేసే మన వ్యాపారుల నుంచి పదేపదే వచ్చే ప్రశ్న ఇది: "రేటు అందరికంటే తక్కువ వేశాం, కాగితాలన్నీ పెట్టాం, అయినా మొదటి కవరు దగ్గరే పక్కన పెట్టేశారు. ఎందుకు?" అలా పక్కన పెట్టిన కవరు తెరిచి చూస్తే చాలాసార్లు తప్పు రేటు కాగితంలో ఉండదు, పైన పెట్టిన జవాబు లెటర్‌లో ఉంటుంది. బిడ్ ఎన్ని రోజులు చెల్లుతుందో రాసి ఉండదు. లేదా నోటీసు అడిగిన రోజులకంటే తక్కువ రాసి ఉంటుంది. పెట్టామని రాసిన కాగితం కవర్లో ఉండదు.

ఈ గైడు సీల్డ్ కవర్ టెండర్లకి, అందులోనూ సామాన్ల సప్లయికి. రోడ్డు, బిల్డింగ్ పనులకి కాంట్రాక్టర్ లైసెన్సు లాంటివి ఇంకా కావాలి కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. ఆన్‌లైన్‌లో వేసేవాళ్లకి తేడా ఎక్కడుందో చివర్లో ఉంది.

ఒకే ఉదాహరణతో మొదటి నుంచి చివరిదాకా పోదాం. గజపతి జిల్లాలో ఒక ఆఫీసు 150 డ్యూయల్ డెస్కులకి టెండర్ పిలిచింది అనుకోండి. నోటీసు తేదీ 2026 మే 18. కవరు వేయడానికి చివరి గడువు జూన్ 10 మధ్యాహ్నం 3 గంటలు. తెరిచేది జూన్ 11 ఉదయం 11.30కి. ఈఎండీ, అంటే బిడ్‌తోపాటు కట్టే ధరావతు, 18,000 రూపాయలు. బిడ్ "తెరిచిన తేదీ నుంచి 90 రోజులు" చెల్లాలి, ఈఎండీ కాగితం బిడ్ గడువు ముగిశాక ఇంకో 45 రోజులు చెల్లాలి. మీ షాపు పర్లాకిమిడిలో ఉంది.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- టెండర్ నోటీసు, షరతుల కాగితాలు మొత్తం. ఒక్క పేజీ కూడా తగ్గకూడదు.
- తర్వాత వచ్చిన సవరణ నోటీసులు, అంటే కొరిజెండాలు. ఆఫీసు నోటీసు బోర్డు, వెబ్‌సైటు రెండూ చూడాలి.
- ఏమీ అచ్చు లేని లెటర్‌హెడ్. పేరు, అడ్రసు, జీఎస్టీ నంబరు ఉంటే చాలు.
- పాన్, జీఎస్టీ రిజిస్ట్రేషన్, నోటీసు అడిగినన్ని ఏళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు, సీఏ ఇచ్చిన టర్నోవర్ సర్టిఫికెట్, పాత సప్లయి ఆర్డర్లు.
- ఈఎండీ కాగితం.
- షాపు రబ్బరు స్టాంపు, లక్క, రెండు చిన్న కవర్లు, అవి రెండూ పట్టే పెద్ద కవరు ఒకటి.

నోటీసు ఒడియాలో ఉండి మీకు చదవడం రాకపోతే చదివేవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని షరతులు ఒక్కొక్కటీ చెప్పించుకోండి. "సారాంశం చెప్పు" అని అడగవద్దు. తేదీలు, రోజులు, "నుంచి" అనే మాట ఎక్కడుందో అవే మనకి కావాలి, సారాంశంలో పోయేవీ అవే.

1. తేదీలన్నీ ఒక కాగితం మీదికి తీయండి

లెటర్ మొదలుపెట్టే ముందు తెల్ల కాగితం మీద ఐదు తేదీలు రాసుకోండి: సందేహాలు అడగడానికి చివరి రోజు, కవరు వేయడానికి చివరి రోజూ గంటా, తెరిచే రోజు, బిడ్ చెల్లే చివరి రోజు, ఈఎండీ చెల్లే చివరి రోజు. మొదటి మూడూ నోటీసులో ఉంటాయి. చివరి రెండూ మీరే లెక్కగట్టాలి.

నోటీసు మొదటి పేజీలో ఒక గంట, లోపలి షరతుల్లో ఇంకో గంట ఉండటం అరుదేమీ కాదు. ముందు 3 గంటలని ఉంటుంది, లోపల 5 గంటలని ఉంటుంది. అలాంటప్పుడు సందేహాలకి ఇచ్చిన గడువు లోపల రాతపూర్వకంగా అడగండి. నోటీసు నంబరు, పేజీ, క్లాజు నంబరు రాసి "ఈ రెండింటిలో ఏది సరైనదో తెలపగలరు" అని ఒకే ఒక్క ప్రశ్న. జవాబు వచ్చినా రాకపోయినా కవరు మాత్రం ముందున్న గంటకే వేయండి. ఆఫీసులో ఎవరో నోటితో "అయిదింటి దాకా తీసుకుంటాం" అన్నారని ఆగవద్దు, ఆ మాట తెరిచే రోజున ఎక్కడా కనబడదు. ఆలస్యంగా వచ్చిన బిడ్‌ని చూడకూడదని కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు 2017లో 165వ నియమం చెబుతుంది. రాష్ట్ర ఆఫీసుల షరతులూ దాదాపు అదే మాట రాస్తాయి. పోస్టు ఆలస్యమైందన్న కారణం చెల్లదు, ఆ నష్టం వేసినవాడిదే.

2. కొరిజెండా వచ్చిందేమో చూసి మొత్తం లెక్క మళ్లీ కట్టండి

మన ఉదాహరణలో జూన్ 5న కొరిజెండా వచ్చింది: చివరి గడువు జూన్ 17 మధ్యాహ్నం 3 గంటలు, తెరిచేది జూన్ 18. వారం కలిసొచ్చిందని సంతోషపడేలోపు క్యాలెండర్ చూడండి. జూన్ 13 రెండో శనివారం, 14 ఆదివారం, 15 రజ సంక్రాంతి. మూడు రోజులు ఒడిశాలో బ్యాంకు పని జరగదు. సరిహద్దు అవతల ఆంధ్రాలో ఉన్న పాతపట్నంలో బ్యాంకు తెరిచే ఉంటుంది కదా అని అటు వెళ్లినా, ఇవతలి బ్రాంచిలో ఉన్న మీ ఖాతా మీద, ఇక్కడి ఆఫీసర్ హోదా పేరున ఎఫ్‌డీ తాకట్టు రాయించడం అక్కడ అయ్యే పని కాదు. అంటే బ్యాంకు పని 12వ తేదీ లోపు ముగించాలి. తప్పితే 16 ఒక్కరోజే మిగులుతుంది. ఇటు పండుగలకి అటు క్యాలెండర్ పనికిరాదు, ఒడిశా ప్రభుత్వ సెలవుల జాబితా గోడకి తగిలించుకోండి. సిరొంచ, ధర్మాబాద్ వైపు వాళ్లయితే మహారాష్ట్ర జాబితా.

కొరిజెండా చేసే అసలు నష్టం వేరే ఉంది. తెరిచే తేదీ జరిగితే బిడ్ చెల్లే చివరి తేదీ కూడా జరుగుతుంది, దాంతోపాటు ఈఎండీ చివరి తేదీ కూడా. చాలామంది మొదటి రెండు మార్చుకుంటారు, ముందే తీసిపెట్టిన ఈఎండీ కాగితం సంగతి మర్చిపోతారు.

3. బిడ్ చెల్లే చివరి తేదీని లెక్కగట్టండి

ఇక్కడే ఎక్కువమంది జారతారు, కాబట్టి నిదానంగా చేద్దాం.

ముందు లెక్క ఏ రోజు నుంచో చూడండి. నోటీసులో రెండు రకాల మాటలు కనబడతాయి: "కవరు వేసే చివరి తేదీ నుంచి" అని ఒకటి, "తెరిచిన తేదీ నుంచి" అని ఒకటి. మీ లెటర్ తేదీ నుంచి అని ఏ నోటీసూ అనదు. కానీ షాపుల్లో టైపు చేసేవాళ్లు అలవాటుగా "ఈ లెటర్ తేదీ నుంచి 90 రోజులు" అని కొట్టేస్తారు. లెటర్ జూన్ 12న రాసి, తెరిచేది జూన్ 18 అయితే ఆ ఒక్క మాటతో మీ బిడ్ ఆరు రోజులు తక్కువైపోయింది. రూలు ప్రకారం పోయే ఆఫీసరు దాన్ని తీసుకోలేడు.

రెండోది, మొదలయ్యే రోజుని లెక్కలో వేసుకోకూడదు. జూన్ 18 నుంచి అంటే జూన్ 19 మొదటి రోజు. జూన్‌లో మిగిలినవి 12, జూలై 31, ఆగస్టు 31, మొత్తం 74. ఇంకా 16 కావాలి. కాబట్టి బిడ్ చెల్లే చివరి రోజు సెప్టెంబరు 16. జూన్ 18ని కూడా కలిపి లెక్కేసుకుంటే సెప్టెంబరు 15 వస్తుంది, ఒక రోజు తక్కువ. తేదీ రాసేటప్పుడు అనుమానం వస్తే ఎప్పుడూ ఒక రోజు ఎక్కువ వైపుకే పోండి. ఎక్కువ రాస్తే ఎవరూ తిరస్కరించరు, తక్కువ రాస్తే ఒక్క రోజుకైనా తిరస్కరిస్తారు.

మూడోది, 90 రోజుల్ని మూడు నెలలు అనుకోవద్దు. జూన్ 18కి మూడు నెలలంటే సెప్టెంబరు 18. ఇక్కడ మూడు నెలలు ఎక్కువే వచ్చింది కాబట్టి గండం తప్పింది. ఫిబ్రవరిలో తెరిచే టెండర్‌కి, ఆ నెలకి 28 రోజులే ఉన్న ఏడాదిలో, మూడు నెలలంటే 89 రోజులే వస్తాయి. నోటీసు రోజులు అంటే మీరూ రోజులే రాయండి, నెలలంటే నెలలే రాయండి.

వేళ్ల మీద లెక్క వద్దనుకుంటే కంప్యూటర్లో ఎక్సెల్ షీటు తెరిచి A1లో తెరిచే తేదీ కొట్టి, A2లో మొదటి వరస, A3లో రెండో వరస పెట్టండి:

```
=A1+90
=A2+45
```

A1లో 18-06-2026 ఉంటే A2లో సెప్టెంబరు 16, A3లో అక్టోబరు 31 రావాలి. తేదీ బదులు 46 వేల చిల్లర అంకె కనబడితే తప్పేమీ లేదు, ఆ గడిని తేదీ రూపానికి మార్చుకోండి.

4. ఈఎండీ కాగితాన్ని ఆ తేదీకి సరిపెట్టండి

మన లెక్కలో ఈఎండీ అక్టోబరు 31 దాకా చెల్లాలి. కొరిజెండా రాకముందు తీసి ఉంటే పాత లెక్క ప్రకారం అక్టోబరు 24కి తీసి ఉంటారు. ఏడు రోజులు తక్కువ. బ్యాంకుకి వెళ్లి గడువు పెంచుకుని రావాలి, తప్పదు.

ఈ తిప్పలు పడకుండా ఉండాలంటే మొదటే ఆరు నెలల ఎఫ్‌డీ తీసుకోండి. జూన్ 3న 180 రోజులకి తీస్తే నవంబరు 30 దాకా నడుస్తుంది, వారం పది రోజుల కొరిజెండా దాన్ని కదిలించలేదు. ఎఫ్‌డీ మీద తాకట్టు ఆఫీసర్ హోదా పేరున ఉండాలి, ఆయన సొంత పేరున కాదు. ఆఫీసర్లు బదిలీ అవుతారు, పేరు రాయిస్తే వచ్చిన కొత్తాయన సంతకంతో అది విడవదు. హోదా పేరు నోటీసులో ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే రాయించండి.

డీడీ ఇవ్వాలనుకునేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 2012 ఏప్రిల్ 1 నుంచి డీడీ చెల్లేది తీసిన తేదీ నుంచి మూడు నెలలే. నోటీసు డీడీ ఒప్పుకుని గడువు మాట ఏమీ అనకపోతే ఇబ్బంది లేదు. కానీ "బిడ్ గడువు తర్వాత 45 రోజులు చెల్లే కాగితం" అని అడిగితే డీడీతో ఆ షరతు తీరదు. ఎఫ్‌డీ గానీ బ్యాంకు గ్యారంటీ గానీ ఇవ్వండి.

ఉద్యమ్ సర్టిఫికెట్ ఉంది కదా, ఈఎండీ అక్కర్లేదు అనుకుని ఖాళీగా వేసేవాళ్లు చాలామంది. మీ ఉద్యమ్ కాగితం మీద పని ఏమని ఉందో చూడండి. మీరు డెస్కులు తయారుచేస్తే ఒక దారి, కొని అమ్మితే ఇంకో దారి. టోకు, చిల్లర వ్యాపారులని 2021లో ఉద్యమ్‌లోకి తీసుకున్నది బ్యాంకు రుణాల ప్రాధాన్యం వరకే, టెండర్ మినహాయింపుల కోసం కాదు. మన షాపు కొని అమ్మేదే కాబట్టి 18,000 కట్టి తీరాలి. తయారుచేసేవాళ్లు కూడా నోటీసులో మినహాయింపు క్లాజు ఉంటేనే దాని నంబరు లెటర్‌లో రాసి అడగండి.

5. కాగితాల జాబితా: ఉన్నవి, లేనివి రెండూ

జాబితాని మీ అలవాటు వరసలో కాదు, నోటీసులో అడిగిన వరసలోనే రాయండి. తెరిచే రోజు ఆఫీసులో కూర్చున్నవాళ్ల చేతిలో ఒక చెక్ షీటు ఉంటుంది, వాళ్లు దాని వరసలోనే వెతుకుతారు. ప్రతి కాగితానికి పేజీ నంబరు వేయండి, అన్ని పేజీల మీదా సంతకం, స్టాంపు వేయండి. జాబితా ఎదురుగా "పేజీ 7 నుంచి 9" అని రాయండి. పేజీలు వేయడం పూర్తయ్యాకే జాబితా టైపు చేయించాలి. ముందే టైపు చేస్తే నంబర్లు తప్పుతాయి.

అడిగినదాంట్లో మీకు వర్తించనిది ఉంటే ఆ వరస ఖాళీగా వదలకండి. "వర్తించదు, ఫర్మ్ యజమాని ఒక్కరే, పార్ట్‌నర్‌షిప్ డీడ్ లేదు" అని కారణం రాయండి. ఖాళీ వరస చూసినవాడికి మర్చిపోయారనే అనిపిస్తుంది.

సరిహద్దులో ఉన్న మనకి మాత్రమే వచ్చే చిక్కులు మూడు ఉన్నాయి.

ఒకటి పేరు. ఆంధ్రాలో చదివినవాళ్ల సర్టిఫికెట్లలో ఇంటిపేరు ముందు, ఒడిశాలో ఇచ్చిన కాగితాల్లో ఇంటిపేరు వెనక. పాన్‌లో పూర్తి పేరు, బ్యాంకులో పొడి అక్షరాలు. పాన్, జీఎస్టీ, బ్యాంకు మూడింట్లో పేరు మూడు రకాలుగా ఉంటే ముగ్గురూ ఒకరే అని అఫిడవిట్ జత చేయండి. దాన్ని జాబితాలో కూడా చూపండి.

రెండు స్టాంపు కాగితం. పర్లాకిమిడిలో ప్రమాణం చేసే అఫిడవిట్‌కి ఒడిశా స్టాంపు కాగితమే కావాలి. ఇంట్లో మిగిలి ఉందని పాతపట్నంలో కొన్నది వాడవద్దు.

మూడు భాష. ఆంధ్రాలో ఏ పంచాయతీకో, స్కూలుకో సప్లయి చేసిన అనుభవ సర్టిఫికెట్ తెలుగులో ఉంటే దాని వెనకే ఇంగ్లీషు అనువాదం, అనువదించినవాళ్ల సంతకంతో పెట్టండి. చదవలేని కాగితానికి మార్కు పడదు.

సీఏ సర్టిఫికెట్ మీద యూడీఐఎన్ అనే 18 అంకెల, అక్షరాల నంబరు ఉందో లేదో చూడండి. లేకుంటే వెనక్కిచ్చి వేయించుకోండి. జీఎస్టీ నంబరు మొదటి రెండంకెలు మీ రాష్ట్రం చెబుతాయి: ఒడిశా 21, ఆంధ్రప్రదేశ్ 37, మహారాష్ట్ర 27, తెలంగాణ 36. మీ షాపు పర్లాకిమిడిలోనూ, రిజిస్ట్రేషన్ పాతపట్నం అడ్రసుతోనూ ఉంటే లెటర్‌లో రిజిస్ట్రేషన్ ఉన్న అడ్రసే రాయండి. రెండు అడ్రసులు కలిపితే స్థానిక ఫర్మా, బయటి ఫర్మా అన్న ప్రశ్న వస్తుంది.

6. లెటర్ రాయండి

లెటర్ ఒక్క పేజీ దాటకూడదు. మన ఉదాహరణకి విషయం ఇలా ఉంటుంది. దీన్నే ఇంగ్లీషులో గానీ ఒడియాలో గానీ, నోటీసు ఏ భాష ఒప్పుకుంటే ఆ భాషలో టైపు చేయించండి.

> తేదీ: 12-06-2026
>
> గౌరవనీయులైన (నోటీసులో ఉన్న హోదా) గారికి,
>
> విషయం: 150 డ్యూయల్ డెస్కుల సప్లయికి మా బిడ్.
>
> సూచిక: మీ టెండర్ నోటీసు నం. ......, తేదీ 18-05-2026, కొరిజెండా నం. 1, తేదీ 05-06-2026.
>
> అయ్యా,
>
> పై నోటీసు, కొరిజెండా చదివి, వాటిలోని షరతులన్నీ ఒప్పుకుని మా బిడ్ సమర్పిస్తున్నాం. సవరించిన చివరి గడువు 17-06-2026 మధ్యాహ్నం 3 గంటలని, తెరిచే తేదీ 18-06-2026 అని గమనించాం.
>
> మా బిడ్, అందులోని రేట్లు తెరిచిన తేదీ నుంచి 90 రోజులు, అంటే 16-09-2026 వరకు, ఏ మార్పూ లేకుండా చెల్లుతాయి. తెరిచే తేదీ మీరు తర్వాతి రోజుకి జరిపితే ఆ తేదీ నుంచి 90 రోజులు చెల్లుతాయి.
>
> ఈఎండీ 18,000 రూపాయలు, ఎఫ్‌డీ నం. ......, తేదీ 03-06-2026, చెల్లే గడువు 30-11-2026, మీ హోదా పేరున తాకట్టుతో జత చేశాం.
>
> సప్లయి ఆర్డర్ అందిన తేదీ నుంచి నోటీసులో చెప్పిన గడువులోపు సామాను అందిస్తాం.
>
> జత చేసినవి: జాబితా ప్రకారం 1 నుంచి 11 వరకు, మొత్తం 34 పేజీలు.
>
> ఇట్లు,
> (సంతకం, పేరు, స్టాంపు)

ఇందులో "అంటే 16-09-2026 వరకు" అన్న మాట, "తెరిచే తేదీ జరిపితే" అన్న వాక్యం రెండూ ఉండాలి. తేదీ రాస్తే ఎవరికీ లెక్క చేసే పని ఉండదు. రెండో వాక్యం ఉంటే, మీరు కవరు వేసేశాక తెరిచే రోజు వాయిదా పడినా మీ బిడ్ పొట్టిదైపోదు.

ఇప్పుడు లెటర్‌హెడ్ చూడండి. చాలా షాపుల్లో కొటేషన్ పుస్తకాన్నే వాడతారు. దాని కింద సన్న అక్షరాలతో ముందే అచ్చై ఉంటుంది: "రేట్లు 15 రోజుల వరకే", "రవాణా ఖర్చు అదనం", "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు". పైన మీరు 90 రోజులని రాశారు, కింద అచ్చు 15 రోజులంటోంది. తెరిచినవాళ్లకి అది షరతులతో కూడిన బిడ్. అలాంటి కాగితం మీద టెండర్ లెటర్ గానీ రేటు కాగితం గానీ రాయనే వద్దు. కింద గీత గీసి కొట్టేయడం కూడా సరిపోదు, కొట్టివేత దగ్గర సంతకం లేదనో, కనబడుతోందనో మళ్లీ మాట వస్తుంది. కొత్త కాగితం తీసుకోండి.

"ఇనుము ధర పెరిగితే రేటు మారుతుంది" అని జాగ్రత్త కోసం ఒక వాక్యం కలపాలని అనిపిస్తుంది. నోటీసులో ధర సవరణ క్లాజు లేకపోతే ఆ వాక్యమే మీ బిడ్‌ని తీసేస్తుంది. 90 రోజులు, ఆపైన సప్లయి గడువు, అంతకాలం ఇనుము ధర ఎంత కదలొచ్చో రేటులోనే చూసుకోవాలి, లెటర్‌లో కాదు.

7. కవరు వేయండి, వేసినట్టు రుజువు తెచ్చుకోండి

లెటర్, జాబితా, ఈఎండీ మొదటి కవర్లో. రేటు కాగితం రెండో కవర్లో మాత్రమే. లెటర్‌లో ఎక్కడా రేటు అంకె రాకూడదు, వస్తే రెండు కవర్ల పద్ధతే చెడిపోయి బిడ్ పోతుంది. రెండూ పెద్ద కవర్లో పెట్టి, అతుకుల మీద సంతకం చేసి లక్క వేసి, పైన నోటీసు నంబరు, "18-06-2026కి ముందు తెరవరాదు" అని రాయండి. పాత కవరు మీద పాత తేదీ ఉంటే మార్చండి.

చేతితో ఇవ్వగలిగితే అదే మేలు. టెండర్ పెట్టె ఉంటే అందులో వేయండి. డాక్ సెక్షన్లో ఇస్తే మీ ఆఫీసు కాపీ మీద తేదీ, గంట, స్టాంపు వేయించుకోండి. గంట లేని స్టాంపు సగం రుజువే. నోటీసు "రిజిస్టర్డ్ పోస్టు" అంటే అయోమయపడవద్దు, 2025లో అది స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. స్పీడ్ పోస్టులో పంపి ట్రాకింగ్‌లో అందినట్టు వచ్చేదాకా చూడండి.

వేసేముందు ఒక పరీక్ష: మీ కాగితాలు ఎప్పుడూ చూడని మనిషికి నోటీసు, మీ కవరు సరుకు రెండూ ఇచ్చి మూడు ప్రశ్నలు అడగండి. ఈ బిడ్ ఏ తేదీదాకా చెల్లుతుంది? ఈఎండీ ఏ తేదీదాకా? జాబితాలో ఆరో కాగితం ఏ పేజీలో ఉంది? ఒక్కో దానికి నిమిషంలోపు వేలు పెట్టి చూపించలేకపోతే లెటర్ మళ్లీ రాయాలి. తెరిచే రోజు ఆ మనిషి స్థానంలో ఆఫీసు గుమాస్తా ఉంటాడు, మీరు పక్కన ఉండి చెప్పలేరు.

ఆన్‌లైన్ అయితే

ఒడిశాలో `tendersodisha.gov.in`, మహారాష్ట్రలో `mahatenders.gov.in`. రెండిట్లోనూ గంట సర్వర్ గడియారం ప్రకారమే, అది తెర మీద కనబడుతూ ఉంటుంది. మీ ఫోను టైము లెక్కలోకి రాదు. క్లాస్ 3 డిజిటల్ సంతకం గడువు బిడ్ వేసే రోజుకి మిగిలి ఉందో ముందే చూసుకోండి. ధరల ఫైలుని దింపుకున్నాక పేరు మార్చవద్దు, మార్చితే సిస్టమ్ తీసుకోదు. ఫైళ్లు ఎక్కించడంతో పని అయిపోదు, చివర్లో బిడ్‌ని ఫ్రీజ్ చేసి, వచ్చిన రసీదు దాచుకోవాలి. ఎక్కించి ఫ్రీజ్ చేయకుండా వదిలేసిన బిడ్ వేయనట్టే. గడువు ముగిసేలోపు ఎన్నిసార్లైనా మళ్లీ వేయవచ్చు. కాబట్టి రెండు రోజుల ముందే ఒకసారి వేసేసి, కొరిజెండా వస్తే లెటర్ మార్చి మళ్లీ వేయండి. ఈఎండీ అసలు కాగితం విడిగా ఆఫీసుకి చేర్చమని షరతు ఉంటే దానికి వేరే గడువు ఉంటుంది, అది చూడండి.

గడువు పెంచమని ఆఫీసు అడిగితే

బిడ్ గడువు ముగిసేలోపు ఆఫీసు ఖరారు చేయలేకపోతే మీకు లెటర్ వస్తుంది. మన ఉదాహరణలో సెప్టెంబరు మొదటి వారంలో "ఇంకో 60 రోజులు పెంచగలరా" అని అడిగారు అనుకోండి. జవాబు సెప్టెంబరు 16 లోపు, రాతలోనే పోవాలి. ఊరుకుంటే మీరు ఒప్పుకోనట్టే తీసుకుంటారు.

ఒప్పుకుంటే, సెప్టెంబరు 16కి 60 కలిపితే నవంబరు 15. ఈఎండీ ఇంకో 45 రోజులు, అంటే డిసెంబరు 30 దాకా ఉండాలి. మనం తీసిన ఎఫ్‌డీ నవంబరు 30తో ముగుస్తుంది కాబట్టి దాన్నీ పెంచి, పెంచిన కాగితం జవాబుతోనే పంపాలి. "రేటు 5 శాతం పెంచితే ఒప్పుకుంటాం" అని రాయకూడదు. పెంపు కోరినప్పుడు రేటు మార్చే వీలు మామూలు టెండర్ షరతుల్లో లేదు, అది ఒప్పుకోలు కింద లెక్కకు రాదు.

ఒప్పుకోకపోతే "మా బిడ్ 16-09-2026తో ముగుస్తుంది, గడువు పెంచలేము, ఈఎండీ తిరిగి ఇప్పించగలరు" అని రాయండి. పెంపుకి ఒప్పుకోనంత మాత్రాన ఈఎండీ జప్తు చేయకూడదని మామూలు షరతుల్లో ఉంటుంది, మీ నోటీసులో ఆ క్లాజు వెతికి నంబరు రాయండి. గడువు నడుస్తుండగా, అంటే సెప్టెంబరు 16 లోపే, బిడ్ వెనక్కి తీసుకుంటే మాత్రం ఈఎండీ పోతుంది. ఈ రెండూ ఒకటి కాదు.

ఆఖరిది. మీ బిడ్‌ని ఆఫీసు ఒప్పుకున్నట్టు లెటర్ మీకు సెప్టెంబరు 19న చేరిందనుకోండి. గడువు దాటింది, మాకు బాధ్యత లేదు అని వెంటనే రాసేయవద్దు, కవరు మీద పోస్టాఫీసు ముద్ర చూడండి. భారత కాంట్రాక్టు చట్టం 1872లో 4వ సెక్షన్ ప్రకారం, వాళ్లు ఒప్పుకోలుని పోస్టులో వేసి, అది వాళ్ల చేయి దాటిన క్షణం నుంచే మీరు కట్టుబడినట్టు. ముద్ర సెప్టెంబరు 15దైతే, నోటీసు వేరేగా చెప్పకపోతే, డెస్కులు ఇవ్వాల్సిందే. ముద్ర 17దైతే ఆర్డర్ తీసుకోవడం, మానడం మీ ఇష్టం. అందుకే ఆ కవరుని చించి పారేయకుండా లెటర్‌తోపాటే ఫైల్లో పెట్టండి.